గరుడుడి కథను నాలుగు నిమిషాల యానిమేషన్‌గా ఎలా చేయాలి?

కార్తీకంలో గుడి ముందు తెర కట్టి వేసుకోవడానికి మా కోనసీమ కుర్రాళ్లు పురాణ కథల షార్టులు చేస్తుంటారు. బొమ్మలు బాగానే గీస్తారు. కథ కుదించే దగ్గరే చెడగొడతారు. అందుకే ఒక ఘట్టం పట్టుకుని మొదటినుంచి చెబుతాను. నన్నయ రాజమహేంద్రవరంలో తెలుగు చేసిన ఆదిపర్వంలో, గరుడుడు పాములు అడిగిన అమృతం తెచ్చి తల్లి వినతను దాస్యం నుంచి విడిపించిన కథ.

సామాన్ల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. మామూలు కంప్యూటర్, క్రీటా, బ్లెండర్ చాలు, రెండూ ఉచితమే. గొంతు ఫోన్‌లోనే రికార్డు చేయండి, కాకపోతే వాన వెలిసిన రాత్రి వద్దు, కప్పలు మాట వినపడనివ్వవు. బొమ్మలు తోలుబొమ్మల్లా చేతులు, కాళ్లు విడివిడి ముక్కలుగా గీసి కీళ్ల దగ్గర కలపాలి. త్రీడీ జోలికి పోవద్దు. త్రీడీలో దేవుడు ఎంత కష్టపడి చేసినా షాపు ముందు నిలబెట్టిన బొమ్మలాగే ఉంటాడు. సెకనుకు 12 బొమ్మలు చాలు.

ఇప్పుడు అసలు పని. ముందు ఏం తీసేయాలో చూడండి. దారిలో గరుడుడు నిషాదుల్ని మింగడం, ఏనుగు-తాబేలు, కొమ్మకు వేలాడే వాలఖిల్యులు, అన్నీ తీసేయొచ్చు. అవి ఒక్కొక్కటీ వేరే షార్టుకు సరిపోయే కథలు. గుర్రం తోక నల్లగా ఉందని పాముల తల్లి కద్రువ, తెల్లగా ఉందని వినత వేసుకున్న పందెం మాత్రం ఒక్క నిమిషంలో ముగించండి: తెల్లగుర్రం, దాని తోకకు చుట్టుకున్న పాములు, దాసి అయిన వినత.

అక్కడ ఒక జాగ్రత్త. పాముల్ని విలన్లుగా గీయకండి. ఆ తెర ముందు కూర్చునే అమ్మమ్మ నాగులచవితికి పుట్టలో పాలు పోసి వచ్చిన మనిషి. పైగా మోసం చేయమన్నది కద్రువ. చేయం అన్న పాముల్ని ఆవిడే శపించింది. తోక వైపు పోకుండా తల తిప్పుకున్న రెండు పాముల్ని ఒక్క షాట్‌లో చూపిస్తే న్యాయం జరిగినట్టే.

అందరూ బోల్తా పడేది చివరి భాగంలో. గరుడుడు అమృతభాండం పట్టుకుని వస్తాడు, ఇంద్రుడితో ఫైట్, భాండం దర్భల మీద పెట్టడం, పాములు స్నానానికి వెళ్లగానే ఇంద్రుడు ఎత్తుకుపోవడం. ఇలా కోస్తే ఇంద్రుడు దొంగ అవుతాడు, గరుడుడు మాట తప్పినవాడు అవుతాడు. మూలంలో అలా లేదు. భాండం చేతిలో ఉన్నా గరుడుడు ఒక్క చుక్క తాగలేదు, అందుకే విష్ణువు మెచ్చి వరమిచ్చాడు. కాబట్టి భాండం అంచు దాకా ముక్కు వచ్చి, ఆగి, పక్కకు తిరిగే షాట్ రెండు సెకన్లైనా ఉండాలి. ఇక వరాలు. నీకంటే పైన ఉండాలని గరుడుడు అడిగాడు, నాకు వాహనం కమ్మని విష్ణువు అడిగాడు. డైలాగులు వద్దు, విష్ణువు వెనక ధ్వజం లేచి దాని మీద గరుడుడు కనబడితే చాలు.

తర్వాత వజ్రాయుధం. అది దధీచి ఎముక కాబట్టి, ఆ ఋషి మీద గౌరవంతో గరుడుడు ఒక్క ఈక రాల్చాడు. ఆ ఈక నిదానంగా పడాలి, ఇంద్రుడి చెయ్యి దిగాలి. అప్పుడు వాళ్లిద్దరూ స్నేహితులై చేసుకున్న ఒప్పందం: "నేను కింద పెట్టగానే నువ్వు తీసుకుపో." ఈ ఒక్క వాక్యం పోతే మీ షార్ట్ పోయినట్టే.

పోయిందో లేదో తెలుసుకోవడం తేలిక. బొమ్మలు కదిలించకముందే స్టోరీబోర్డును గొంతుతో కలిపి, కథ తెలియని వాళ్లకు చూపించండి. ఇంద్రుడు దొంగతనం చేశాడా అని అడగండి. అవునంటే ఈక షాట్ ఇంకో మూడు సెకన్లు పెంచండి.

దేవతలు ఎలా కదలాలో భారతమే చెప్పింది. దమయంతి స్వయంవరంలో దేవతల్ని ఎలా గుర్తుపట్టింది? రెప్ప వేయరు, చెమట పట్టదు, కాళ్లు నేలను తాకవు, దండ వాడదు. కనుక విష్ణువుకు, ఇంద్రుడికి రెప్పలు ఆడించకండి, కింద నీడ వేయకండి. గరుడుడికి రెప్పలు ఆడొచ్చు, పక్షి కదా. విష్ణువును ఎదురుగానే చూపాలి, పక్కకు తిప్పకూడదు. నా దగ్గర ఇది నియమం.

చివరగా దర్భలు. గోదావరి లంకల్లో తెల్లగా పూసే రెల్లును చూసి దర్భ అని గీసేస్తారు. పురోహితుణ్ని అడిగి నాలుగు దర్భలు తెచ్చుకుని టేబుల్ మీద పెట్టుకోండి, అంచు మీద వేలు రాసి చూడండి. భాండం పోయాక, అది పెట్టిన చోటని వాటిని నాకే పాముల నాలుకలు చీలాయి. అంత పదును బొమ్మలో కనబడాలంటే సన్నగా, నిటారుగా, పువ్వు లేకుండా గీయాలి.