దుకాణం సేటుతో డైలాగ్ చెప్పించడం ఎలా? ముందు ఆ కాగితం పక్కన పెట్టండి

మన నల్గొండ, పాలమూరు వైపు షార్ట్ ఫిల్మ్ తీసే పిల్లలు ఈ మధ్య నిజమైన దుకాణంలో నిజమైన సేటును పెట్టి తీస్తున్నారు. మంచిదే. కానీ రాత్రి హైదరాబాద్‌లో కూర్చుని రాసిన డైలాగ్‌ను పొద్దున ఆయన చేతిలో పెట్టి "అన్నా, ఇది చెప్పు" అంటారు. అప్పటిదాకా గిరాకీతో గలగలా మాట్లాడిన మనిషి కెమెరా ముందు వార్తలు చదివినట్టు చదువుతాడు. "వచ్చిండు" అనే నోటికి "వచ్చాడు" వస్తుంది, చేతులు రెండూ కిందికి వేలాడతాయి. తర్వాత "ఆయనకు యాక్టింగ్ రాదు" అని ఆయన మీదికే తోసేస్తారు. నిజానికి తప్పు ఆ మాటను తయారు చేసిన తీరులో ఉంటుంది.

ఇక్కడ ఒక్క సీన్ పట్టుకుని చెప్తాను. దేవరకొండ వైపు ఒక ఎరువుల దుకాణం. పత్తి రైతు వచ్చి యూరియా ఉద్దెర అడుగుతాడు, పోయినేడు బాకీ ఉంది కాబట్టి సేటు ఇవ్వడు. రైతు పాత్రకు కాస్త అనుభవమున్న నటుడు ఉన్నాడు, సేటు మాత్రం నిజం సేటే. రాసుకున్న డైలాగ్ ఇది: "మీ పాత బాకీ పన్నెండు వేల నాలుగు వందల రూపాయలు తీర్చేవరకు నేను మీకు ఎరువులు అప్పుగా ఇవ్వలేను."

ముందు కావాల్సినవి

రికార్డింగ్‌కు ఒక ఫోన్, ఒక నోట్‌బుక్ చాలు. షూటింగ్ రోజు చొక్కాకు పెట్టే చిన్న మైక్ ఉంటే మంచిది. దుకాణంలో ఫ్రిజ్ ఉంటే మోటర్ చప్పుడు వస్తుంది కాబట్టి ఆపించండి, మీ బండి తాళం ఆ ఫ్రిజ్‌లోనే పెట్టండి, పోయేటప్పుడు మళ్లీ ఆన్ చేయడం మర్చిపోరు. తొలకరి పడ్డ వారంలో మాత్రం ఎరువుల దుకాణం వైపు వెళ్లకండి, ఆయనకు మీతో మాట్లాడే తీరిక ఉండదు.

మొదటి పని: గల్ల పక్కన కూర్చోవడం

గిరాకీ ఉండే పూట ఒక గంట ఊరికే కూర్చోండి. సేటును అడిగి, వచ్చిన వాళ్లకూ చెప్పి, ఫోన్‌లో రికార్డు చేయండి. ఆయన ఎవరిని ఏమని పిలుస్తున్నాడు, పేరుతోనా, ఊరి పేరుతోనా, అన్న అనా, బావ అనా అన్నది రాసుకోండి. మాట్లాడేటప్పుడు చేతిలో ఏముందో కూడా రాసుకోండి. తర్వాత అది పనికొస్తుంది.

రెండో పని: చెప్పించొద్దు, చేయించండి

"ఉద్దెర అడిగితే ఏమంటవన్నా?" అని అడిగారనుకోండి, "ఏమంటం, ఇయ్యమని చెప్తం" అంటాడు. అది జరిగిన దాని గురించి చెప్పడం. జరిగేటప్పుడు ఆయన నోట వచ్చే మాట వేరు. అందుకే రైతు వేషం వేసే నటుణ్ణే పంపి, "రెండు బస్తాల యూరియా గావాలె, పైసలు పత్తి అమ్మినంక ఇస్త" అని అడిగించండి. సేటుకు ముందే చెప్పండి ఇది ఉత్తుత్తిదని, దాచాల్సిన పని లేదు. ఆయన నిజంగా కాదనే తీరులో కాదంటాడు. మా సీన్‌లో ఇలా వచ్చింది:

"ఇస్తవ్ లే, ఏడికి పోతవ్... పోయినేడుది గూడ గట్లనే ఉన్నది సూడు. పన్నెండు వేల చిల్లర. నేను గూడ ఆడ కట్టాలె గద, కంపెనీవోడు ఊకుంటడా. ఓ పని జెయ్యి, రెండు వేలు దెచ్చియ్యి, ఒక బస్తా తీస్కపో."

దీన్ని ఉన్నది ఉన్నట్టు రాసుకోండి. తిరిగి అన్న మాటలు, ఆగిన చోట్లు, దగ్గు కూడా. ఇక్కడే సవరించడం మొదలుపెడితే మళ్లీ మీ డైలాగే తయారవుతుంది.

మూడో పని: మాటను మలచడం (ఇక్కడే అందరూ చెడగొడతారు)

చాలామంది ఈ దశలో చేసేది యాస అద్దడం. రాసుకున్న వాక్యం అలాగే ఉంచి, "ఇవ్వలేను" తీసేసి "ఇయ్య", మధ్యలో రెండు "జర"లు, ఒక "గిట్ల", చివర "రా బై". ఇలా తెలంగాణ మాట అయిపోదు, వేళాకోళం అవుతుంది. పైగా ఈ జిల్లాలన్నిటిదీ ఒకే యాస అనుకోవడం ఇంకో తప్పు. మిర్యాలగూడ, కోదాడ వైపు కృష్ణ అవతలి మాట కలుస్తుంది, అక్కడి వాళ్లు కొందరు మామూలుగానే "వచ్చాడు" అంటారు. గద్వాల వైపు వెళ్తే కర్నూలు, రాయచూరు గాలి తగులుతుంది. మీ సేటు రికార్డింగ్‌లో లేని మాట స్క్రిప్ట్‌లో ఉండొద్దు. నాకు ఇది రూలే. "కానీ తెలంగాణ ఫీల్ రావాలి కదా" అనే వాళ్లతో నేను వాదించను.

అసలు చూడాల్సింది ఆయన ఆ పనిని ఏ వరుసలో చేస్తున్నాడన్నది. రాసుకున్న డైలాగ్ బాకీతో మొదలై "ఇవ్వలేను"తో ముగుస్తుంది. సేటు మాత్రం ముందు రైతును నమ్ముతున్నట్టు మాట్లాడాడు, తర్వాత ఖాతా చూపించాడు, తన మీదున్న భారం చెప్పాడు, చివరికి బేరం పెట్టాడు. మొత్తం మాటలో "ఇయ్య" అనేదే లేదు. ఊళ్లో దుకాణం నడిపేవాడు రేపు మళ్లీ ఇదే మనిషి ముఖం చూడాలి, మొహం మీద కాదని ఎందుకు అంటాడు? ఆయనతో "నేను ఇయ్య" అని బలవంతంగా అనిపిస్తే కొయ్యబారిపోయేది అందుకే. ఆ మాట ఆయన జన్మలో అట్లా అని ఉండడు.

ఇప్పుడు చిక్కు ఏంటంటే, కథకు ఆయన కాదనాలి. రెండు వేలు తెస్తే ఒక బస్తా ఇస్తానంటే రైతు పోయి తెచ్చుకుంటాడు, కథ అక్కడే ఆగిపోతుంది. ఇక్కడ రచయితలకు టెన్షన్ వచ్చి బేరాన్ని కోసేసి "ఇయ్య"ను మళ్లీ దూరుస్తారు. అలా చేయొద్దు. బేరం ఆయన అలవాటు, దాన్ని ఉంచండి. అంకె మాత్రం మార్చండి. రెండు వేల బదులు రైతు ఎటూ తేలేని మొత్తం, అంటే బాకీలో సగం అడిగించండి. సేటు తన తీరులోనే మాట్లాడతాడు, రైతుకు మాత్రం తలుపు మూసుకుపోతుంది. మాట ఆయనదే, దాని బరువు కథది.

తర్వాత బాకీ అంకె. స్క్రిప్ట్‌లో "పన్నెండు వేల నాలుగు వందలు" అని ఉంది, ఆయన "పన్నెండు వేల చిల్లర" అన్నాడు. ఖచ్చితమైన అంకె గానీ, మనిషి పేరు గానీ, తేదీ గానీ కథకు తప్పనిసరి అయితే దాన్ని సేటు నోట పెట్టకండి. పక్కనున్న నటుడి నోట పెట్టి, సేటుతో "ఆఁ" అనిపించండి. మామూలు మనిషి తడబడేది ఎక్కువగా ఇలాంటి గుర్తుపెట్టుకోవాల్సిన ముక్క దగ్గరే. అది వస్తుందో రాదో అన్న భయంతో దాని ముందు రెండు మాటలు కూడా బిగుసుకుపోతాయి.

ఆఖరుది, ప్రతి మాటకూ ఒక చేతి పని కట్టండి. ఖాతా బుక్కు తీయడం, పేజీ తిప్పడం, మూయడం. మాట మర్చిపోయినా చేయి గుర్తుచేస్తుంది. మాటను కూడా ఒక్క ఊపిరిలో వచ్చేంత ముక్కలుగానే ఉంచండి. రికార్డింగ్‌లో ఆయన ఎక్కడ ఆగాడో అక్కడే ముక్క చేయండి, మీ కామా ఉన్న చోట కాదు.

ఇవన్నీ చేశాక మా సీన్ ఇలా తేలింది:

రైతు: "పైసలు పత్తి అమ్మినంక ఇస్త అన్నా."
సేటు: "ఇస్తవ్ లే, ఏడికి పోతవ్." (ఖాతా తీస్తాడు)
రైతు: "పోయినేడుది పన్నెండు వేల నాలుగొందలు గద."
సేటు: "ఆఁ. గట్లనే ఉన్నది సూడు." (పుస్తకం రైతు వైపు తిప్పుతాడు) "నేను గూడ ఆడ కట్టాలె గద. సగమన్న దెచ్చియ్యి, తీస్కపో."
(పుస్తకం మూసి, వెనకున్న గిరాకీతో) "నీకేం గావాలె?"

చివరి మాట గంట సేపు కూర్చున్నప్పుడు దొరికిందే. ఒకరితో తెగకపోతే ఆయన వెంటనే తర్వాతి మనిషి వైపు తిరుగుతాడు. "ఇయ్య" అనే మాట కంటే అది గట్టిది.

నాలుగో పని: అప్పజెప్పడం

కాగితం ఇవ్వొద్దు, ప్రాంప్టింగ్ అసలే వద్దు. "నేను చెప్తా, నువ్వు అను" అనే పద్ధతి అన్నిటికంటే అధ్వానం, అసిస్టెంట్ డైరెక్టర్ రాగమంతా సేటు గొంతులోకి దిగుతుంది, అది మళ్లీ వదలదు. "ముందు ఖాతా తీస్తవ్, ఆయనకు చూపిస్తవ్, సగం అడుగుతవ్, పుస్తకం మూస్తవ్" అని పని మాత్రమే చెప్పండి. మాటలు ఆయన తెచ్చుకుంటాడు.

ఒకటి రెండుసార్లు ఉత్తగా చేయించి చూడండి. ఏదైనా మాటను ప్రతిసారీ ఒకేలా మార్చేస్తున్నాడంటే ఆ మాట మీది, ఆయనది కాదు. స్క్రిప్టే మార్చుకోండి. ప్రతిసారీ ఒకచోట వదిలేస్తున్నాడంటే అది అక్కర్లేనిది. ఒకసారి ఒకలా, ఇంకోసారి ఇంకోలా అంటుంటే మాత్రం భయం లేదు, మనుషులు అలాగే మాట్లాడతారు. అంతకంటే ఎక్కువ రిహార్సల్ చేయిస్తే ఆయన తన మాటను తానే బట్టీ పడతాడు.

షూటింగ్, ఎడిటింగ్

మాట టేకుకో తీరుగా వస్తుంది కాబట్టి, అవతలి నటుడు తన మాటను సేటు మాట మీద కాకుండా సేటు చేతి పని మీద అందుకోవాలని ముందే అనుకోండి. పుస్తకం తిరగగానే చూపు దించాలి, మూయగానే వెనక్కి జరగాలి, అలా. రెండు టేకులను అతికించడానికి ఖాతా పేజీ దగ్గర షాట్ ఒకటి, రైతు ఊరకే వింటున్న షాట్ ఒకటి విడిగా తీసి పెట్టుకోండి. మొదటి రిహార్సల్ కూడా చెప్పకుండానే రోల్ చేయమని కొందరు సలహా ఇస్తారు. నేను చెప్పే చేస్తాను, సేటుకు రేపు మీ మీద అనుమానం రాకూడదు.

సౌండ్ చెడితే డబ్బింగ్ స్టూడియోకు తీసుకుపోకండి, ఇంకో ఆర్టిస్టుతో అసలే చెప్పించకండి. ఆ రోజే, అదే గల్ల వెనక, అదే పుస్తకం చేతికిచ్చి, రైతు వేషం వేసిన నటుణ్ణి ఎదురుగా నిలబెట్టి, కెమెరా లేకుండా మాట మాత్రం మళ్లీ రికార్డు చేయండి.