హాదా కుర్సీ, హాదల్-కుర్సీ: అరబీలో ‘ఇది’కీ ‘ఈ’కీ మధ్య చిక్కులు

గల్ఫ్‌లో ఫర్నిచర్ గోడౌన్‌లో చేరిన కొత్తలో ఒక కుర్చీకి కాలు విరిగి కనబడింది. సూపర్‌వైజర్ దగ్గరికెళ్ళి, పుస్తకంలో నేర్చుకున్న అరబీని కూడగట్టుకుని “హాదా అల్-కుర్సీ అల్-మక్సూర్” అన్నాను. ఈ కుర్చీ విరిగింది అని చెప్పేశాననుకున్నాను. ఆయన కదలకుండా నా మొహంలోకే చూస్తున్నాడు. కాసేపాగి “అయితే, దానికేమైంది?” అన్నాడు. తర్వాత ఎప్పటికో తెలిసింది, నేను “ఈ విరిగిన కుర్చీ...” అని సగంలో ఆపేశానని.

ముందు ఉచ్చారణ సంగతి ఒకటి. హాదాలో ‘ద’ మన ద కాదు, నాలుక కొసను పళ్ళ మధ్య పెట్టి పలకాలి. ఉర్దూ అలవాటున్నవాళ్ళు దీన్నే హాజా అంటారు. రెండూ ఒకే మాట.

సమస్య 1: చెప్పాలనుకున్నది ఒకటి, అవతలివాళ్ళకు అర్థమయ్యేది ఇంకొకటి

మనకు రెండు మాటలున్నాయి. “ఇది కుర్చీ” అంటే అక్కడికి వాక్యం అయిపోయింది. “ఈ కుర్చీ” అంటే ఇంకా ఏదో చెప్పాలి. అరబీలో ఈ రెండింటికీ హాదా ఒక్కటే. తేడా అంతా వెనక వచ్చే నామవాచకం మీద ఇంగ్లీషు ‘the’ లాంటి ‘అల్’ ఉందా లేదా అన్నదాంట్లో ఉంది. హాదా ఎప్పుడూ ఫలానా అని తెలిసిన వస్తువునే చూపిస్తుంది, అరబీ వ్యాకరణంలో దాన్ని మారిఫా అంటారు. పక్కనున్న నామం కూడా అల్‌తో మారిఫా అయితే రెండూ కలిసి ఒకే ముక్క అవుతాయి. అల్ లేకపోతే ఆ నామం హాదాతో కలవదు, దాని గురించి చెప్పే కబురు అవుతుంది. వాళ్ళ వ్యాకరణంలో దాని పేరు కూడా ఖబరే.

ఆ కుర్చీతోనే చూడండి:

హాదా కుర్సీ: ఇది కుర్చీ.
హాదా కుర్సీ మక్సూర్: ఇది విరిగిన కుర్చీ.
హాదా అల్-కుర్సీ మక్సూర్: ఈ కుర్చీ విరిగింది.
హాదా అల్-కుర్సీ అల్-మక్సూర్: ఈ విరిగిన కుర్చీ... (తర్వాత?)
హాదా హువ అల్-కుర్సీ అల్-మక్సూర్: విరిగిన కుర్చీ ఇదే.

నేను అనాల్సింది మూడోది. విశేషణం మీద ఒక అల్ ఎక్కువ పెట్టి నాలుగోది అన్నాను.

సరిచేసుకోవడానికి నేను వాడిన కొండగుర్తు ఇది: హాదా తర్వాత అల్‌లు వరసగా వస్తున్నంతసేపూ ‘ఈ’ ముక్క సాగుతూనే ఉంటుంది, అల్ లేని మొదటి మాట దగ్గర కబురు మొదలవుతుంది. కబురులో కూడా అల్ కావాల్సి వస్తే, అంటే మన ‘ఇదే’ లాంటి చోట, మధ్యలో హువ పెట్టాలి. స్త్రీలింగమైతే హియ.

వినేటప్పుడు ఇంకో ఇబ్బంది ఉంది. వేగంగా మాట్లాడితే హాదా చివరి దీర్ఘం కుదించుకుపోయి “హాదల్-కుర్సీ” అవుతుంది. స, ర, ష లాంటి అక్షరాల ముందైతే లకారం కూడా వినబడదు. “హాదిహి అల్-సయ్యారా” అన్నది “హాదిహిస్-సయ్యారా” అని చెవిన పడుతుంది. అక్కడ అల్ కోసం వెతక్కండి, వత్తిపలికిన స్స వినబడిందా లేదా చూడండి.

సమస్య 2: ఎక్కడ హాదా, ఎక్కడ హాదిహి?

పుంలింగానికి హాదా, స్త్రీలింగానికి హాదిహి. ప్రాణం లేని వస్తువులకు కూడా లింగం ఉంటుంది కాబట్టి మనకు కష్టం. కుర్సీ పుంలింగం, తావిలా (బల్ల) స్త్రీలింగం. చివర ‘ఆ’ వినబడి, రాతలో రెండు చుక్కల గుండ్రటి త ఉంటే చాలావరకు స్త్రీలింగమే. ఆ గుర్తు లేకుండా స్త్రీలింగమైన మాటలు కొన్ని ఉన్నాయి, వాటిని బట్టీ పట్టక తప్పదు: షమ్స్ (సూర్యుడు), అర్ద్ (నేల), నార్ (నిప్పు), శరీరంలో జంటగా ఉండే యద్ (చెయ్యి), రిజ్ల్ (కాలు), ఐన్ (కన్ను).

మనిషి ఆడవాళ్ళయినా హాదిహియే. తెలుగులో ఒకావిణ్ణి పట్టుకుని “ఇది” అంటే ఊరుకోరు గానీ, హాదిహిలో ఆ చులకన లేదు. మన ‘ఈమె’ అనుకోండి.

అసలు తప్పులు బహువచనంలో. నేను చాన్నాళ్ళు కుర్చీలకు హాఉలాఇ వాడాను, అది “వీళ్ళు” అన్న మాట. కుర్చీలను వీళ్ళు అంటే ఎలా ఉంటుందో అలాగే వినబడి ఉంటుంది. ఇక్కడ మాత్రం తెలుగువాళ్ళకు కలిసొచ్చే సంగతి ఉంది. బహువచనంలో మనుషుల్నీ మిగతావాటినీ మనమూ విడదీస్తాం. తెలుగులో ‘వీళ్ళు’ అనేచోట హాఉలాఇ, మగవాళ్ళకైనా ఆడవాళ్ళకైనా అదే. ‘ఇవి’ అనేచోట హాదిహి, అంటే స్త్రీలింగ ఏకవచనమే. ఏకవచనంలో ఆ వస్తువు పుంలింగమైనా సరే. అందుకే హాదా అల్-కుర్సీ, కానీ హాదిహి అల్-కరాసీ. విశేషణం కూడా దాని వెంటే: “హాదిహి అల్-కరాసీ మక్సూరా”, ఈ కుర్చీలు విరిగాయి. పనివాళ్ళయితే “హాఉలాఇ అల్-ఉమ్మాల్”.

దూరంగా ఉన్నవాటికి దాలిక, తిల్క, ఉలాఇక. లెక్క అంతా పైదే. సరిగ్గా రెండే ఉంటే వాటికి వేరే రూపాలున్నాయి, హాదాని, హాతాని అని. ఈ కుటుంబంలో విభక్తిని బట్టి మారేవి ఇవే: “ఈ రెండు కుర్చీల మీద” అనాలంటే హాదాని కాస్తా హాదైని అవుతుంది. రాతలో తప్ప వీటితో నాకు పని పడలేదు.

సమస్య 3: “ఈ కుర్చీ కాలు” అంటే కాలా, కుర్చీనా?

తెలుగులో “ఈ కుర్చీ కాలు” అన్నప్పుడు ‘ఈ’ దేన్ని చూపిస్తోందో మనం పట్టించుకోం. అరబీ పట్టించుకుంటుంది. రిజ్ల్ అల్-కుర్సీ అంటే కుర్చీ కాలు. ఇందులో రిజ్ల్ మీద అల్ లేకపోయినా, వెనకున్న అల్-కుర్సీ వల్ల అది అప్పటికే మారిఫా. దాని మీద ఇంకో అల్ పెట్టడానికి వీల్లేదు. ముందు హాదిహి తగిలిస్తే “హాదిహి రిజ్ల్ అల్-కుర్సీ”, ఇది కుర్చీ కాలు అనే పూర్తి వాక్యం అయిపోతుంది. పైన చెప్పిన నా కొండగుర్తు ఇక్కడ ‘రిజ్ల్’ దగ్గరే ఆగి, ‘ఈ కాలు’ అనే దారికి చేర్చదు.

దారి ఏమిటంటే, కాలును చూపించాలంటే హాదిహిని చివరికి పంపాలి: “రిజ్ల్ అల్-కుర్సీ హాదిహి”. కుర్చీని చూపించాలంటే మధ్యలో పెట్టాలి: “రిజ్ల్ హాదా అల్-కుర్సీ”. కాలు స్త్రీలింగం, కుర్చీ పుంలింగం కాబట్టి ఏది దేనిదో లింగమే చెప్పేస్తుంది. “నా కుర్చీ”కి కూడా ఇదే పద్ధతి. హాదా కుర్సియ్యీ అంటే ఇది నా కుర్చీ, కుర్సియ్యీ హాదా అంటే ఈ నా కుర్చీ.

సమస్య 4: పుస్తకంలోది బయట వినబడదు

ఇది మీ తప్పు కాదు. నేను విన్న గల్ఫ్ మాటల్లో హాదిహి బదులు హాదీ, హాఉలాఇ బదులు హాదోల్ అంటారు. నామం ముందు ‘ఈ’ కావాలంటే చాలాసార్లు హా, అల్ కలిపేసి ‘హల్’ అనేస్తారు: హల్-కుర్సీ, హల్-కరాసీ. లింగం లేదు, వచనం లేదు, మన ‘ఈ’ లాగే. ఈజిప్టువాళ్ళు ‘ఈ’ అనే మాటను నామం వెనక పెడతారు, పుంలింగానికి ద, స్త్రీలింగానికి ది: అల్-కుర్సీ ద. మా సూపర్‌వైజర్ రోజంతా హల్-కుర్సీ అనేవాడు. స్టాక్ రిజిస్టర్‌లో మాత్రం హాదిహి అల్-కరాసీ అనే రాసేవాడు, నేను హాఉలాఇ రాస్తే కొట్టేసి మళ్ళీ రాయించేవాడు.