తరగతి టీచరుకు సెలవు చీటీ – 3వ పాఠం: ఆటలమ్మ పోసినప్పుడు

పోయిన పాఠంలో ఒకరోజు జ్వరానికి చీటీ రాశాం. పాప పేరు, తరగతి, సెక్షన్, రోల్ నంబరు, తేదీ, కారణం, మీ సంతకం ఉంటే దానికి సరిపోయింది. ఆటలమ్మకు మాత్రం అది చాలదు.

మా కడపలో చాలామంది తల్లులు ఇంట్లో అమ్మవారు పోసిందని చెప్పుకుంటారు గానీ, బడికి వచ్చే చీటీలో ‘జ్వరం’ అని మాత్రమే రాస్తారు. నేను రెండో తరగతి చెప్పే రోజుల్లో అలాంటి చీటీ ఒకటి వచ్చింది. రెండు వారాలు దాటాక అదే బెంచీలో ఇద్దరు పిల్లలకు పొక్కులు లేచాయి. అప్పుడు గానీ నాకు సంగతి అర్థం కాలేదు. అందుకే కారణం దగ్గర ‘ఆటలమ్మ’ అనే రాయండి. అందులో దాచాల్సింది ఏమీ లేదు.

ఆ తర్వాత అన్నిటికంటే ముఖ్యమైనవి రెండు తేదీలు: మొదటి పొక్కు కనబడిన రోజు, పాప ఆఖరిసారి బడికి వచ్చిన రోజు. పొక్కులు లేవకముందే, ఒకటి రెండు రోజుల నుంచే ఆటలమ్మ పక్కవాళ్లకు అంటుకుంటుంది. ఈ రెండు తేదీలు తెలిస్తే పాప పక్కన కూర్చున్న పిల్లల అమ్మానాన్నలకు టీచరు ముందే చెప్పగలరు. సోకినవాళ్లకు 10 నుంచి 21 రోజుల లోపు బయటపడుతుంది కాబట్టి, వాళ్లు ఏ రోజుల్లో కనిపెట్టుకుని ఉండాలో లెక్క దొరుకుతుంది. బడిలో గర్భిణి టీచరు ఉంటే ఈ కబురు ఆమెకు మరీ అవసరం. చిన్నప్పుడు ఆటలమ్మ రాకపోయి, టీకా కూడా వేయించుకోకపోతే, ఆమె వెంటనే డాక్టరుతో మాట్లాడాలి.

పాప సోమవారం బడికి వచ్చింది, మంగళవారం పొద్దున పొక్కులు లేచాయి అనుకుందాం. పైన పేరు, తరగతి వివరాలు రాశాక చీటీ ఇలా సాగుతుంది:

“టీచర్ గారికి నమస్కారం. మా పాపకు మార్చి 3, మంగళవారం పొద్దున ఆటలమ్మ పొక్కులు లేచాయి. డాక్టరుకు చూపించాం. పాప ఆఖరిసారి బడికి వచ్చింది మార్చి 2, సోమవారం. 3వ తేదీ నుంచి సెలవు ఇవ్వగలరు. పొక్కులన్నీ చెక్కు కట్టాక పంపుతాం, ఒకరోజు ముందే మీకు ఫోన్ చేస్తాం.”

కింద సంతకం, ఫోన్ నంబరు.

తిరిగి వచ్చే తేదీ ఇందులో రాయలేదు, గమనించారా? ‘ఐదు రోజులు సెలవు’ అని రాసేస్తే, ఆరో రోజు పచ్చి పొక్కులతోనే పంపాల్సి వస్తుందేమోనని టెన్షన్. పొక్కులు లేచాక అన్నీ చెక్కు కట్టడానికి మామూలుగా ఐదు నుంచి ఏడు రోజులు పడుతుంది. కొందరికి ఇంకా ఎక్కువే. తలలో, చెవి వెనక, వీపు మీద వెతికి చూడండి. నీరున్న పొక్కు ఒక్కటి కనబడినా పాప ఇంట్లోనే ఉండాలి. తలంటు పోసిన రోజుకూ దీనికీ సంబంధం లేదు.

మందుల పేర్లు, జ్వరం ఎంత ఉందో రాయనక్కర్లేదు. చీటీని తమ్ముడి చేతికిచ్చి పంపకండి, వాడికీ సోకి ఉండొచ్చు. ఫోటో తీసి టీచరు ఫోనుకు పంపండి.

వచ్చే పాఠంలో, పాప బడికి తిరిగి వచ్చిన రోజు ఇవ్వాల్సిన చీటీ.