ఆడియో ప్రకటన చివరి లైన్ గుర్తుండాలంటే

ప్రకటన బాగుందంటారు, ఎవరిదంటే మాత్రం చెప్పలేరు. చివరి లైన్ కాగితం మీద చదవడానికి రాసినట్టు ఉంటే ఇలాగే అవుతుంది.

ట్యాగ్‌లైన్‌ను నాలుగైదు మాటల్లో, ఒక్క ఊపిరిలో అనగలిగేలా రాయండి. తాళాలు తీసే సర్వీసు ఉందనుకోండి. "మీ తాళాల సమస్యలన్నింటికీ సత్వర పరిష్కారం" అంటే చెవిలో నిలవదు. "తాళం పోయిందా? తలుపు తీస్తాం" అంటే నిలుస్తుంది. మూడు మాటల మొదట్లో 'త' తగులుతుంది, ప్రశ్న దగ్గర గొంతు లేచి జవాబు దగ్గర దిగుతుంది. వెంటనే సంస్థ పేరు చెప్పి ఆపేయండి. పేరుకు ముందు అర సెకను మౌనం ఉంచి, మ్యూజిక్ కూడా తగ్గిస్తే ఇంకా మంచిది. ఫోన్ నంబరు, ఆఫర్ వివరాలు అంతకుముందే అయిపోవాలి. పేరు తర్వాత పది అంకెలు వస్తే వినేవాళ్ల ధ్యాస వాటి మీదకు పోయి పేరు జారిపోతుంది.

రికార్డింగ్‌కు ముందు ఎవరికైనా ఫోన్లో ఒక్కసారే వినిపించండి. పది నిమిషాలు వేరే కబుర్లు చెప్పి, అప్పుడు ఏం గుర్తుందో అడగండి. లైన్ చెప్పి పేరు తడుముకుంటే, పేరును లైన్లోకే తెచ్చి మళ్లీ రాయాలి.

ఒక జాగ్రత్త: పేరే నోరు తిరగనిదైతే ఈ పద్ధతి పనిచేయదు. అప్పుడు పేరును ప్రకటన మధ్యలో కూడా రెండుసార్లు నిదానంగా పలికించాల్సిందే.