ఎదిగే వయసు పిల్లల సాయంత్రపు ఆకలిని ఎలా తీర్చాలి?

ఒక్కసారిగా పొడుగు సాగే దశ ఆడపిల్లల్లో సాధారణంగా 11, 12 ఏళ్ల ప్రాంతంలోనూ, మగపిల్లల్లో 13, 14 ఏళ్ల ప్రాంతంలోనూ తీవ్రంగా ఉంటుంది. ఆ ఏడాదిలో కొందరు 8 నుంచి 10 సెంటీమీటర్లు పెరుగుతారు. ఈ వయసు అబ్బాయికి రోజుకు సుమారు 2,400 నుంచి 2,800 కిలోకాలరీలు కావాలి. ఆటలు బాగా ఆడేవారికి ఇంకా ఎక్కువ కావాలి. అందువల్ల రెండోసారి, మూడోసారి వడ్డించమని అడిగితే దాన్ని తిండియావగా చూడకూడదు.

ముందుగా మూడు రోజుల పాటు, మందలించకుండా, పిల్లలు ఏ వేళకు ఏం తిన్నారో రాసుకోండి. ఒక 14 ఏళ్ల అబ్బాయి సంగతి చూద్దాం. ఉదయం ఏడున్నరకు ఏమీ తినకుండా బయలుదేరాడు, మధ్యాహ్నం డబ్బాలో సగం వదిలేశాడు, అయిదు గంటలకు 50 గ్రాముల చిప్స్ ప్యాకెట్, 330 మిల్లీలీటర్ల శీతల పానీయం ముగించాడు. వాటితో 400 కిలోకాలరీలు అందినా మాంసకృత్తులు నామమాత్రమే, కాల్షియం దాదాపు లేనట్టే. పైగా రాత్రి భోజనానికి ఆకలి చచ్చిపోయింది. ఇక్కడ లోపం చిప్స్‌తో మొదలవలేదు, ఉదయం ఖాళీ కడుపుతో మొదలైంది.

తరువాత ఉదయాన్ని సరిదిద్దండి. యౌవనంలో నిద్రపోయే, లేచే వేళలు ఆలస్యమవుతాయి కనుక లేవగానే ఆకలి వేయకపోవడం చాలామందిలో సహజమే. బలవంతం చేసే బదులు ఒక గ్లాసు పాలు తాగించి, పది గంటల విరామంలో తినడానికి అరటిపండు, గుప్పెడు గింజపప్పులు సంచిలో పెట్టండి.

అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది సాయంత్రం మీద. ఇంటికి వచ్చిన పది నిమిషాల్లో, అంటే బూట్లు విప్పి వంటగదిలోకి తొంగిచూసే సమయానికి, తినడానికి సిద్ధంగా ఉన్నదే కడుపులోకి వెళుతుంది. రెండు ఉడికించిన గుడ్లు, రెండు రొట్టె ముక్కలు, ఒక గ్లాసు పాలు, ఒక పండు కలిపితే సుమారు 500 కిలోకాలరీలు, 20 గ్రాములకు పైగా మాంసకృత్తులు అందుతాయి. దీన్ని చిరుతిండిగా కాక ఒక పూట భోజనంగానే లెక్కించండి.

చిప్స్‌ను పూర్తిగా నిషేధిస్తే చాటుగా తినడం అలవాటవుతుంది. ఇంట్లో నిల్వ పెట్టకుండా, స్నేహితులతో బయటికి వెళ్లినప్పుడు తింటే ప్రశ్నించకుండా ఉండడమే మేలని నా అభిప్రాయం. శీతల పానీయం విషయంలో మాత్రం నేను కాస్త గట్టిగా ఉంటాను, ఎందుకంటే ఆ ఒక్క డబ్బాలో దాదాపు 35 గ్రాముల చక్కెర ఉంటుంది.

మూడు నెలలకొకసారి ఎత్తు, బరువు నమోదు చేయండి. ఎత్తు పెరుగుతూ బరువు తగ్గుతున్నా, అమ్మాయికి నెలసరి వరుసగా మూడు నెలలు ఆగినా, మెట్లెక్కితే ఆయాసం వస్తూ ముఖం పాలిపోయినా, ఇంటి తిండిని మార్చి చూస్తూ కూర్చోకుండా వైద్యుడికి చూపించండి.