విషాలు – విరుగుళ్లు, 5వ పాఠం: మందు పట్టు దేని మీద?

గత పాఠం చివర, ఒంట్లోని విషలోహాల్ని పట్టుకుని బయటికి పంపే డైమెర్కాప్రాల్ అనే మందు, ఆర్సెనిక్ కలిస్తే ఏర్పడే వలయాన్ని గీసి పంపమన్నాను. వచ్చిన బొమ్మల్లో చాలావాటిలో ఆర్సెనిక్ ఒక చేయి గంధకానికి, ఇంకో చేయి ఆక్సిజన్‌కి అందించారు. ఇంకొందరు బొమ్మ సరిగ్గానే గీసి, కింద ఒక ప్రశ్న జోడించారు: "ఇంత గట్టిగా పట్టుకునే మందు ఉంటే, ఏడాదికోసారి అందరం వేసుకుని ఒళ్లు శుభ్రం చేసుకోవచ్చు కదా?" ఈ వారం అనుకున్న పాఠం వేరు. ఈ రెండూ తేలకుండా ముందుకు వెళ్లలేం కాబట్టి అది వచ్చేవారానికి.

ముందు బొమ్మ సంగతి. అణువు ఇది: HOCH2–CH(SH)–CH2SH. మూడు కార్బన్లలో రెండింటికి SH, ఒకదానికి OH. ఆర్సెనిక్‌కి కావలసింది ఆ రెండు SHలే. వాటి హైడ్రోజన్లు ఊడిపోయి, రెండు గంధకాల మధ్య ఆర్సెనిక్ కూర్చుంటుంది. ఇప్పుడు వేలు పెట్టి లెక్కపెట్టండి: ఆర్సెనిక్, గంధకం, కార్బన్, కార్బన్, గంధకం. ఐదు. OH వలయంలోకి రాదు. బయటే ఉండి, ఆ జంట నీళ్లలో కరిగి మూత్రంలోకి పోవడానికి సాయపడుతుంది.

ఐదు అని అంత పట్టుబట్టడానికి కారణం ఉంది. ఆర్సెనిక్ ఒంట్లోకి వెళ్లాక పైరువేట్ డీహైడ్రోజినేజ్ అనే ఎంజైము దగ్గర అతుక్కుంటుంది. అక్కడున్న లిపోయిక్ ఆమ్లంలోనూ రెండు SHలు ఉంటాయి, కానీ వాటి మధ్య ఇంకో కార్బన్ అదనంగా ఉంటుంది. అక్కడ ఏర్పడే వలయంలో ఆరు పరమాణువులు. ఐదింటి వలయం ఆరింటి వలయం కన్నా స్థిరంగా ఉంటుంది కాబట్టే డైమెర్కాప్రాల్ ఎంజైము దగ్గరి ఆర్సెనిక్‌ని తనవైపు లాక్కోగలుగుతుంది. ఒక్క SH ఉన్న పదార్థాలకు ఆ శక్తి చాలదు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఆక్స్‌ఫర్డ్‌లో రుడాల్ఫ్ పీటర్స్, స్టాకెన్, థాంప్సన్‌లు లూయిసైట్ అనే ఆర్సెనిక్ వాయువుకి విరుగుడు వెతుకుతూ ఈ జంట SHల దగ్గరికే చేరుకున్నారు. బ్రిటిష్ యాంటీ లూయిసైట్ అనే పేరు అలా వచ్చింది. అందులోని మొదటి అక్షరాలు కలిపి వైద్యులు దాన్ని ఇప్పటికీ 'బాల్' అనే అంటారు.

సీసం కూడా SHలంటే పడి చస్తుంది. రక్తానికి ఎరుపునిచ్చే హీమ్‌ని తయారుచేసే ఒక ఎంజైములో జింక్‌ని తోసేసి ఆ గంధకాల మీద కూర్చుంటుంది, రక్తం తగ్గడానికి అదొక కారణం. డైమెర్కాప్రాల్ దాన్నీ పట్టుకుంటుంది. ఈడీటీఏ అనే ఇంకో మందు పద్ధతి వేరు: గంధకం లేదు, ఆక్సిజన్లతో, నైట్రోజన్లతో సీసాన్ని చుట్టేస్తుంది.

ఇక రెండో ప్రశ్న. మందుకి 'విషం' అంటే ఏమిటో తెలీదు. దానికి తెలిసింది పట్టు బలం ఒక్కటే. ఈడీటీఏతో సీసం పట్టు బలం లాగరిథమ్ లెక్కలో, అంటే ఒక్క అంకె పెరిగితే పట్టు పదిరెట్లయ్యే లెక్కలో, సుమారు 18. జింక్‌ది 16.5. కాల్షియంది 10.7. అంటే సీసం కనిపిస్తే కాల్షియంని కోటి రెట్లకు పైగా తేడాతో వదిలేసి సీసాన్ని అందుకుంటుంది. మంచిదే. మరి సీసం లేకపోతే? ఖాళీ చేతులతో ఊరుకోదు, ఉన్నదాన్ని పట్టుకుంటుంది. జింక్ మూత్రంలో పోవడం నిజమైన విషబాధలో కూడా జరుగుతుంది. అక్కడ సీసం పోతోంది కాబట్టి ఆ నష్టం భరిస్తాం. సీసమే లేనివాడికి నష్టం ఒక్కటే మిగులుతుంది.

కాల్షియం విషయంలో ఇది ప్రాణాల మీదికి వస్తుంది. ఈడీటీఏ రెండు రకాలుగా దొరుకుతుంది. ముందే కాల్షియం నింపినది కాల్షియం డైసోడియం ఈడీటీఏ. నింపనిది డైసోడియం ఈడీటీఏ. పేర్లలో తేడా ఒక్క మాట. నింపనిది రక్తనాళంలోకి ఎక్కిస్తే రక్తంలోని కాల్షియంని ఊడ్చేస్తుంది, గుండె ఆగిపోతుంది. 2005లో అమెరికాలో ఇద్దరు పిల్లలు ఇలా చనిపోయారు. టెక్సస్‌లోని రెండేళ్ల పాపకి రక్తంలో సీసం డెసిలీటరుకి 48 మైక్రోగ్రాములు, అంటే చికిత్స అవసరమే. ఇవ్వాల్సిన రకం బదులు రెండోది ఇచ్చారు. తొమ్మిది పది మిల్లీగ్రాములు ఉండాల్సిన కాల్షియం అయిదు కిందికి పడిపోయింది. పెన్సిల్వేనియాలో ఐదేళ్ల బాబుకి ఆటిజంకి వైద్యమంటూ అదే మందు ఎక్కించారు. పాప విషయంలో మందు మారింది. బాబు విషయంలో అసలు మందే అక్కర్లేదు.

డైమెర్కాప్రాల్ నింపాదిగా ఉండే మందేమీ కాదు. వేరుశనగ నూనెలో కలిపి కండలోకి లోతుగా పొడుస్తారు, విపరీతంగా నొప్పి. బీపీ పెరుగుతుంది, గుండె దడదడలాడుతుంది, పెదాలు, గొంతు మండుతాయి. వేరుశనగ పడనివాళ్లకు ఇవ్వకూడదు. జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్నవాళ్లలో ఎర్ర రక్తకణాలు పగిలిపోవచ్చు. సీసం ఉన్న పిల్లలకు రక్తహీనత మామూలే కాబట్టి ఐరన్ మందు కూడా ఇద్దామనిపిస్తుంది. ఈ ఇంజెక్షన్లు నడుస్తున్నన్నాళ్లూ ఐరన్ ఇవ్వకూడదు, ఆ రెండూ కలిసి ఇంకో విషం తయారవుతుంది. పైగా జంతువుల మీద చేసిన ప్రయోగాల్లో ఇది ఆర్సెనిక్‌ని మెదడులోకి చేరవేస్తుందని కూడా తేలింది. పట్టుకున్న లోహం బయటికే పోవాలని రూలేమీ లేదు. మెదడుకి సీసం ఎక్కిన పిల్లల్లో ముందు డైమెర్కాప్రాల్ ఇచ్చి, నాలుగు గంటలు ఆగి, అప్పుడు ఈడీటీఏ మొదలుపెట్టడానికి కారణం ఇలాంటిదే: ఈడీటీఏ ఒక్కటే ఇస్తే కదిలిన సీసం మెదడు వైపు వెళ్లొచ్చు.

నోటితో వేసుకునే సక్సిమర్ వీటికన్నా మెతక. నన్ను అడిగితే, స్పృహలో ఉండి మింగగలిగే పిల్లలకు అదే. కానీ అదీ ఎవరికి? అమెరికాలో రక్తంలో సీసం 20 నుంచి 44 మధ్య ఉన్న 780 మంది పిల్లలకు ఇచ్చి చూశారు. 2001లో ఫలితాలు వచ్చాయి. రక్తంలో సీసం తగ్గింది, తెలివితేటల పరీక్షల్లో మాత్రం మందు వేసుకోనివాళ్లకన్నా మెరుగేమీ లేదు. సక్సిమర్‌ని 45 దాటినవాళ్లకే అని ఇప్పటికీ అనడం అందుకే. సీసం అంటని ఎలుక పిల్లలకు అదే మందు ఇస్తే, వాటి నేర్చుకునే శక్తి దెబ్బతిని అలాగే ఉండిపోయింది.

ఇప్పుడు నాకు ఒళ్లు మండే సంగతికి వస్తాను. మీలో ఇద్దరు పంపిన రిపోర్టుల్లో ఉన్నది ఇదే. ముందు సక్సిమర్ కానీ, అలాంటి ఇంకో మందు కానీ మింగిస్తారు. తర్వాత కొన్ని గంటల మూత్రం పడతారు. అందులో సీసం కొలిచి, పక్కన 'మామూలు హద్దు' అని ఒక అంకె వేసి, ఎర్రగీత గీసి చేతిలో పెడతారు. ఆ మామూలు హద్దు ఎక్కడిది? మందు మింగనివాళ్ల మూత్రం నుంచి వచ్చింది!

లెక్క కోసం అంకెలు కల్పిస్తాను. ఆరోగ్యంగా ఉన్న ఒక మనిషి మామూలు రోజున మూత్రంలో పోయే క్రియాటినిన్ అనే వ్యర్థం గ్రాముకి 1 మైక్రోగ్రాము సీసం వదులుతాడు. హద్దు 2 అనుకుందాం. మందు మింగాక అదే మనిషికి 8 వస్తుంది. పాత పెట్రోలు, పాత పెయింటు, దుమ్ము, ఇవన్నీ చూసిన మన ఎముకల్లో అంతోఇంతో సీసం అందరికీ ఉంటుంది. పెద్దవాళ్లలో ఒంట్లోని సీసంలో తొంభై శాతానికి పైగా ఎముకల్లోనే. మందు దానిలో కొంత కదిపి బయటికి తెచ్చింది, అంతే. ఆ 8 చెప్పేది మందు పనిచేసిందని. మనిషికి విషం ఎక్కిందని కాదు. అదే మందు మీ పక్కింటాయనకి ఇచ్చినా, ఆ రిపోర్టు రాసినాయనకి ఇచ్చినా ఎర్రగీత దాటుతుంది. మందు మింగినవాళ్లకు మామూలు హద్దు ఎంతో ఎవరూ స్థిరపరచలేదు. అమెరికాలోని వైద్య విషశాస్త్ర నిపుణుల సంఘం ఈ పరీక్షకు శాస్త్రీయ ఆధారం లేదని ఎప్పుడో తేల్చి చెప్పింది. తమాషా ఏమిటంటే ఆ రిపోర్టు చూపించి మళ్లీ అదే మందు పది విడతలు ఎక్కిస్తారు, ప్రతి విడత తర్వాతా మళ్లీ మూత్రం పరీక్ష, మళ్లీ సీసం. ఎముకలున్నంతకాలం కస్టమర్ ఉంటాడు.

సీసం అనుమానం ఉంటే మందు మింగకుండా నరం నుంచి తీసిన రక్తం. వేలి మీద గుచ్చి తీసినది ఎక్కువ వస్తే నమ్మకండి, ముందు నరం రక్తంతో ఖాయం చేసుకోండి. బ్యాటరీ పని చేసే ఇంట్లో పిల్లాడి వేలికే సీసం అంటుకుని ఉంటుంది.

ఆర్సెనిక్‌కి మూత్రమే సరైనది, కానీ అక్కడ మన కోస్తావాళ్లకు ప్రత్యేకంగా ఒక చిక్కు. సముద్రపు చేపల్లో, రొయ్యల్లో ఆర్సెనోబీటైన్ అనే రూపంలో ఆర్సెనిక్ ఉంటుంది. అది విషం కాదు, తిన్నది తిన్నట్టు మూత్రంలో పోతుంది. ఆదివారం రొయ్యల వేపుడు తిని సోమవారం పరీక్షకు వెళితే మొత్తం ఆర్సెనిక్ ఆకాశాన్నంటుతుంది. కొన్ని రోజులు సముద్రపు తిండి మానేసి మళ్లీ ఇవ్వాలి, లేదా ఏ రూపం ఎంతుందో విడదీసి కొలవమనాలి.

2020 డిసెంబరులో ఏలూరు గుర్తుంది కదా. వందలమంది ఉన్నట్టుండి మూర్ఛలతో పడిపోయారు, చాలామంది గంటల్లోనే తేరుకున్నారు. రక్తం నమూనాల్లో సీసం, నికెల్ ఎక్కువున్నాయని మొదట వార్త వచ్చింది. ఆ తర్వాత నివేదికలు పురుగుమందుల వైపు వేలు చూపాయి. రక్తంలో లోహం కనిపించడం వేరు, ఆ మనిషిని పడేసింది ఆ లోహమే అని తేలడం వేరు. అంకె, లక్షణాలు, సీసం వచ్చిన దారి, ఈ మూడూ కలవాలి. సీసం నెమ్మదిగా పేరుకునే విషం. అంతమందిని ఒకేసారి పడేసి, సాయంత్రానికి లేపి కూర్చోబెట్టదు.

అభ్యాసం. ఈసారి కాస్త గట్టిది, రెండు రోజులు పట్టినా పర్వాలేదు. నాలుగేళ్ల బాబు, 15 కిలోలు. వాళ్ల నాన్న ఇంటి పెరట్లో పాత బ్యాటరీలు పగలగొడతాడు. వేలి రక్తంలో సీసం 71, నరం రక్తంలో 52. ఆసుపత్రిలో సక్సిమర్ మొదలుపెట్టారు: కిలోకి 10 మిల్లీగ్రాముల చొప్పున ఎనిమిది గంటలకోసారి 5 రోజులు, తర్వాత పన్నెండు గంటలకోసారి 14 రోజులు. ఆఖరి రోజున 19కి దిగింది. మూడు వారాల తర్వాత 38.

ఒకటి: మొత్తం ఎన్ని మోతాదులు పడ్డాయి, ఒక్కో మోతాదు ఎంత? రెండు: 71కీ 52కీ తేడా ఎందుకు, ఏది నమ్మి మందు మొదలుపెట్టాలి? మూడు: 38 ఎక్కడి నుంచి వచ్చిందో రెండు కారణాలు రాసి, ఆ రెండింటిలో ఏది నిజమో తేల్చడానికి ఇంటికి వెళ్లి ఏం చూస్తారో రాయండి. 'మళ్లీ సక్సిమర్ ఇస్తాం' అని మొదటి వాక్యంలో రాసినవాళ్ల జవాబు నేను చదవను. ముందు పెరడు సంగతి తేల్చండి.