49 భిన్నాల మొత్తం, మిగిలేవి రెండే

నిన్న రాత్రి మారతహళ్లిలో మా అక్క కొడుకు ఈ లెక్క దగ్గర ఆగిపోయాడు:

1/(1·3) + 1/(3·5) + 1/(5·7) + … + 1/(97·99)

క.సా.గు. తీస్తూ కూర్చుంటే తెల్లారిపోతుంది. ప్రతి పదాన్నీ రెండు భిన్నాల తేడాగా విడదీయండి. 1/3 − 1/5 = 2/15 కదా, అంటే 1/(3·5) అందులో సగం. పిల్లలు మర్చిపోయేది ఈ సగాన్నే. మొదటి పదంతో సరిచూస్తే తప్పు అక్కడే దొరుకుతుంది: 1 − 1/3 = 2/3, మనకు కావాల్సింది 1/3.

ఇప్పుడు ఒక పదంలో తీసేసిన 1/3 పక్క పదంలో మళ్లీ కలుస్తుంది. 1/5, 1/7 కూడా అంతే, అన్నీ కొట్టుకుపోతాయి. చివరికి ½(1 − 1/99) = 49/99.

హారాలు 1·3, 2·4, 3·5 అని నడిస్తే మాత్రం జాగ్రత్త. అక్కడ ఒక పదం దాటాక గానీ కొట్టివేత జరగదు, అందుకే మొదట్లో రెండు, చివర్లో రెండు మిగులుతాయి.